అరవై లక్షల మేకు

మా ఆవిడ నోటి కొలత మీద కత్తెర వెయ్యదు. స్కూలు యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో ఆమె కటింగ్ మాస్టరు. ఒకసారి ఏదో స్కూలువాళ్ళు నాలుగు వందల మంది పిల్లల సైజులు కాగితం మీద రాసి పంపారు. కార్ఖానా యజమాని తొందరపడ్డాడు. ఈవిడ మాత్రం మెళ్ళో టేపు వేసుకుని స్కూలుకు వెళ్ళి, రెండు రోజులు ఒక్కో పిల్లాడినీ నిలబెట్టి కొలిచింది. తీరా చూస్తే ఆ కాగితం అంతకు ముందు ఏడాదిది. దాని ప్రకారం కత్తిరించి ఉంటే మూడో వంతు చొక్కాలకు బొత్తాలు పట్టేవి కావు. ఆ రోజు నుంచి యజమాని ఆమెను పేరు పెట్టి పిలవడం మానేసి మేడం అంటాడు. ఇంట్లో నేను మాత్రం ఆ మర్యాద చాలా ఏళ్ళ దాకా ఇవ్వలేదు.

నేను లిఫ్టులు బాగుచేస్తాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, అది అందరికీ తెలిసిందే. రోజుకు నాలుగైదు అపార్టుమెంట్లు ఎక్కి దిగేవాణ్ణి కాబట్టి ఇళ్ళ ధరల గురించి నాకు తెలియని సంగతి లేదని ఒక గట్టి నమ్మకం కూడా ఉండేది. ఆ నమ్మకం ఎలా ఊడిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అప్పటికి తొమ్మిదేళ్ళుగా మేం ఒక మూడో అంతస్తు ఫ్లాటులో అద్దెకుండేవాళ్ళం. రెండు పడగ్గదులు, పొద్దుటెండ పడే బాల్కనీ, అందులో ఆవిడ కుట్టు మిషను. అద్దె పదహారు వేలు. ఓనరు గారు పోస్టాఫీసులో చేసి రిటైరయిన మనిషి, మంచివాడే. ఆయనకు ఒకటే పట్టింపు, గోడకు మేకు కొట్టకూడదు. ఏడాదికొకసారి వచ్చి గోడల్ని అరచేత్తో తడిమి చూసుకుని వెళ్ళేవాడు.

ఆ మేకు దగ్గరే అసలు కథ ఉంది. మా ఆవిడ చిన్నతనంలో వాళ్ళ నాన్న ఉద్యోగం వల్ల పదకొండు అద్దె ఇళ్ళు మారారట. పదకొండిళ్ళలోనూ మేకు వద్దనేవారేనట. ఆయన పోయాక ఫ్రేము కట్టించిన ఫొటో ఒకటి ఆమె వెంట మా ఇంటికి వచ్చింది. ఆ తొమ్మిదేళ్ళూ అది బీరువా మీద గోడకు చేరగిలబడి ఉండేది. తలుపు గట్టిగా వేస్తే జారేది. ఆమె మళ్ళీ నిలబెట్టేది. ఒక్కసారి మాత్రం, ఎప్పుడో మాటల్లో, మనదంటూ ఒక గోడ ఉంటే నాన్నను తగిలించేదాన్నండీ అంది. ఆ మాట నా గుండెల్లో ఉండిపోయింది. పైకి చెప్పే అలవాటు నాకు లేదు.

అందుకే ఓనరు గారు ఫ్లాటు అమ్మేస్తానని కబురు పెట్టినప్పుడు నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ధర అరవై లక్షలు. ముందు మిమ్మల్నే అడుగుతున్నాను, కాదంటే బయటివాళ్ళకిస్తాను అన్నాడు. బ్యాంకులో మా ఇద్దరి పొదుపూ కలిపి ఇరవై లక్షలుంది. దానికి ఆవిడ కడుపు కట్టుకుంది, నేను ఓవర్‌టైములు చేశాను. ఇద్దరి జీతాలూ కలిపితే నెలకు ఎనభై వేలు దాటతాయి.

ఈ బేరానికి మధ్యలో ఉన్న బ్రోకరును పేటలో అందరూ రెట్టింపు బాబాయి అంటారు. ఆయన ఏ ఇల్లు చూపించినా పదేళ్ళలో రెట్టింపు అంటాడు గనక ఆ పేరు. నన్ను టీ కొట్టు దగ్గర పట్టుకుని విడమరిచి చెప్పాడు. పదేళ్ళలో రెట్టింపు అంటే ఏటా పది శాతం, బ్యాంకు వాడు అప్పుకు తీసుకునేది తొమ్మిది, అంటే కూర్చున్న చోట ఒక శాతం నీ జేబులో పడుతోంది అల్లుడూ, అద్దె కట్టేవాడు డబ్బును కాలవలో పోస్తున్నట్టే అన్నాడు. నాకు అది సూర్యుడంత స్పష్టంగా కనిపించింది. ఆ సాయంత్రమే రెండు లక్షలు బయానా ఇచ్చేశాను. పదిహేను రోజుల్లో లోను కాగితాలు తేవాలి. మనసు మార్చుకుంటే అందులో లక్ష వెనక్కి రాదు. అలాగని కాగితం మీద సంతకం పెట్టాను. ఇంట్లో ఒక్క మాట అనలేదు. పుట్టినరోజు కానుకలాగా చెప్పాలని నా పిచ్చి ఆలోచన.

బాబాయి పది శాతం లెక్కతో సహా అంతా చెప్పాను. ఆమె బాల్కనీలో మా పాప గౌనుకు అంచు మడుస్తోంది. చేతిలో సూది ఆగిపోయింది. బీరువా వైపు ఒకసారి చూసింది. ఆ ముఖం నేను పెళ్ళి నాడు కూడా చూడలేదు. నిజం చెప్పాలంటే, లక్ష పోయినా ఆ ఒక్క చూపుకు సరిపోయిందని ఇప్పటికీ అనిపిస్తుంది. తరవాత ఆమె సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టి నెమ్మదిగా అడిగింది.

"ఆ పది శాతం ఎవరు కొలిచారండీ?"

నాకు ఒళ్ళు మండింది. బాబాయి ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాడని, ప్రతిదానికీ టేపు పట్టుకుని తిరగడం నీకొక జబ్బయిపోయిందని నోటికొచ్చింది అన్నాను. ఆమె లేచింది. పాప లెక్కల పుస్తకం పక్కనున్న కాలిక్యులేటరు తెచ్చి నా ముందు పెట్టింది. వందకు పది కలపమంది. వచ్చినదానికి మళ్ళీ పది శాతం. నూటపది, నూట ఇరవై ఒకటి, నూట ముప్ఫై మూడు, అలా నొక్కుతూ పోయాను. ఏడో ఏడు వచ్చేసరికే నూట తొంభై అయిదు. పదో ఏడుకు రెండు వందల యాభై తొమ్మిది.

ఏటా పది అయితే పదేళ్ళకు రెట్టింపు దగ్గర ఆగదు, రెండున్నర రెట్లు దాటిపోతుంది, పదేళ్ళలో రెట్టింపు కావడానికి ఏటా ఏడు శాతం పైచిలుకు చాలు అంది. వందకు వంద పెరిగింది, పదేళ్ళు, భాగిస్తే పది అని బాబాయి లెక్క. పెరిగినదాని మీద మళ్ళీ పెరుగుతుందన్న సంగతి ఆయన మరిచిపోయాడు, ఆయనతో పాటు నేనూ మరిచిపోయాను. అప్పు మీద తొమ్మిదికీ ఇంటి మీద ఏడుకీ మధ్య నా జేబులో పడే ఒక శాతం ఎక్కడుందో నాకు కనిపించలేదు. అయినా నేను తగ్గలేదు. ఏడైనా పెరుగుతోంది కదా అన్నాను. అదీ నోటి కొలతేనండీ, అసలు మన పేటలో నిజంగా ఎంతకు కొని ఎంతకు అమ్మారో చూద్దాం అంది.

మర్నాటి నుంచి ఆవిడ పని చూడాలి. కార్ఖానా నుంచి వస్తూ దారిలో ఒక్కో గుమ్మం ఎక్కేది. మా పై అంతస్తులో ఉండే నర్సమ్మ ఫ్లాటు అచ్చం మాలాంటిదే. తొమ్మిదేళ్ళ కిందట నలభై రెండు లక్షలకు కొని, మొన్న అరవైకి అమ్మి వెళ్ళిపోయింది. ఆమెకు ఫోను చేసి రెండు కాగితాల ఫొటోలూ పంపమంది. నర్సమ్మ పంపింది. లెక్క కడితే ఏటా నాలుగు శాతం. ఒక్కటి చాలదని వెనక వీధిలో ఎనిమిదేళ్ళ కిందట ముప్ఫై అయిదుకు కొని నలభై ఎనిమిదికి అమ్మిన వాళ్ళను పట్టుకుంది. అదీ నాలుగే. యాభైకి కొని ఆరేళ్ళకు అరవై రెండుకు అమ్మిన మందుల షాపాయనది నాలుగు కూడా లేదు. బాబాయి చెప్పే రెట్టింపు ఎక్కడిదని ఆరా తీస్తే, కొత్త రోడ్డు పడ్డప్పుడు దాని పక్కనున్న ఖాళీ స్థలాలదట. మా బిల్డింగు ముందు రోడ్డు పడి ఇరవై ఏళ్ళయింది, ఆ పెరుగుదల ఎప్పుడో అయిపోయింది.

తరవాత ఇద్దరం సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్ళాం. అక్కడ హోం లోన్లు చూసే మేడం మా జీతాల స్లిప్పులు చూసి లోను వస్తుందని సంతోషంగా చెప్పింది. ఇరవై లక్షల్లో నాలుగు లక్షలు రిజిస్ట్రేషనుకూ మిగతా ఖర్చులకూ పోతాయి. పదహారు ధరలోకి వెళితే మిగిలింది నలభై నాలుగు లక్షల అప్పు. తొమ్మిది శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళు, నెల వాయిదా ముప్ఫై తొమ్మిది వేల అయిదు వందల ఎనభై ఎనిమిది. మా ఆవిడ ఒక్కటే అడిగింది, మొదటి వాయిదాలో వడ్డీ ఎంత, అసలు ఎంత అని. మేడం స్క్రీను మా వైపు తిప్పింది. ముప్ఫై మూడు వేలు వడ్డీ. అసలు ఆరున్నర వేలు.

 అద్దె కాలవలో పోస్తున్నట్టే అన్నాడు బాబాయి. పదహారు వేలు కాలవలో పోస్తే తప్పా, ముప్ఫై మూడు వేలు పోస్తే ఒప్పా అని నాకు అప్పుడు తట్టింది. ఏడేళ్ళు కట్టాక బాకీ ఎంతుంటుందని ఆవిడ మళ్ళీ అడిగింది. ఏడేళ్ళే ఎందుకంటే, పాప అప్పుడు అయిదో తరగతిలో ఉంది, దాని స్కూలు చదువయ్యాక కాలేజీ ఉన్న చోటికి మారిపోవాలని మేం ఎప్పటి నుంచో అనుకుంటున్నాం. ముప్ఫై ఆరు లక్షల ముప్ఫై మూడు వేలు అంది మేడం. ముప్ఫై మూడు లక్షలు కట్టాక తరిగే అప్పు ఏడు లక్షల అరవై ఏడు వేలు. మా ఆవిడ ఆ అంకెల్ని అరచేతంత చిన్న పుస్తకంలో, చొక్కా కొలతలు రాసుకున్నట్టే రాసుకుంది. మేడం ఆ పుస్తకం వైపు చూసి, లోను కోసం వచ్చినవాళ్ళలో ఈ ప్రశ్న అడిగినవాళ్ళు చాలా తక్కువమ్మా అంది. నా ఛాతీ కాస్త పొంగింది, పొంగే హక్కు నాకేమీ లేకపోయినా.

ఆదివారం మధ్యాహ్నం పాపను పక్కింటికి పంపి, ఆవిడ నేల మీద ప్యాటర్న్ కాగితం పరిచింది. చొక్కా నమూనాలు గీసే పెద్ద గోధుమరంగు కాగితం. మధ్యలో సుద్దతో ఒక గీత గీసింది. ఒక పక్క కొంటే, ఒక పక్క అద్దెకుంటే. ఏడేళ్ళయ్యాక ఏ పక్కన మన చేతిలో ఎక్కువ డబ్బుంటుందో చూడడమే పని, ఇంకేం లేదు అంది. రెండు పక్కలా నెలకు జేబులోంచి పోయేది సమానంగా ఉండాలట. అప్పుడే పోటీ న్యాయంగా ఉంటుందట.

కొంటే వాయిదా, పన్నులు, రిపేర్లకు సగటున మూడు వేలు కలిపి నెలకు దాదాపు నలభై రెండున్నర వేలు. అద్దెకుంటే పదహారు వేలు. తేడా ఇరవై ఆరున్నర వేలు. ఆ తేడాను అద్దె పక్కన ప్రతి నెలా బ్యాంకులో వేస్తున్నట్టు రాసింది. అద్దె ఏటా అయిదు శాతం పెరుగుతుందని పెట్టుకుంది గనక తేడా ఏటేటా తగ్గుతూ వచ్చింది, ఏడో ఏడుకు ఇరవై ఒక్క వేలయింది. బ్యాంకు డిపాజిట్టు మీద పన్ను పోగా చేతికొచ్చేది ఆరు శాతం అని రాసింది. నేను పోగొట్టబోయే లక్షను అద్దె పక్కనే తీసేసింది. కొత్త ఇంటికి సామాను మార్చే నలభై వేలు కూడా తీసేసింది. ఆ లక్ష గురించి ఒక్క మాట అంటుందేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అనలేదు. అంకె వేసి ముందుకు వెళ్ళిపోయింది. ఆ మౌనానికి నేను ఈ జన్మలో రుణం తీర్చుకోలేను.

కొన్న పక్క ఇలా తేలింది. నాలుగు శాతం చొప్పున అరవై లక్షల ఇల్లు ఏడేళ్ళకు డెబ్భై తొమ్మిది. అమ్మే ఖర్చులకు ఒక లక్ష పోతే డెబ్భై ఎనిమిది. బ్యాంకు బాకీ తీసేస్తే మనకు మిగిలేది నలభై ఒక లక్షల డెబ్భై వేలు. అద్దె పక్కన, మిగిలిన పద్దెనిమిది లక్షల అరవై వేలు పెరిగి ఇరవై ఎనిమిది లక్షలు. నెల నెలా వేసింది వడ్డీతో ఇరవై అయిదు. మొత్తం యాభై మూడు. తేడా పదకొండు లక్షల పైచిలుకు, అదీ అద్దె వైపు.

నా ముఖం చూసి ఆవిడ ఊరుకోలేదు. మన కొలత తప్పయితే అని ఇంకో వరసలో లెక్క వేసింది. ఇల్లు ఏటా ఆరు శాతం పెరిగితే రెండు పక్కలా సరిసమానం. బాబాయి అన్న రెట్టింపు నిజమయితే, అంటే ఏడు శాతం పైచిలుకు, కొన్నవాళ్ళకే ఏడు లక్షలు మిగులు. నేను నమ్మిన పది శాతమయితే ఇరవై ఆరు లక్షలు. అంటే బాబాయి మాట అబద్ధమని కాదు, మన పేటది కాదు అంతే అంది. ఒక్క అంకె మారితే ఇల్లు కొనడమే లాభం. ఆ ఒక్క అంకెనే నేను టీ కొట్టు దగ్గర విని వచ్చి సంతకం పెట్టాను.

అప్పుడు అడిగాను, నీకేం కావాలి అని. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న సరిగ్గా అడగడం అదే మొదటిసారేమో. ఆమె సుద్దముక్కను కాగితం మీద పెట్టింది. కళ్ళు నిండాయి.

"నాకు ఈ ఇల్లే కావాలండీ. కానీ ఈ కొలతకు ఇది మనకు బిగుతు. తెలిసి తెలిసి కత్తిరించలేను."

ఇల్లు ఎక్కువ కావలసింది ఆవిడకే, లెక్క వేసిందీ ఆవిడే, వద్దన్నదీ ఆవిడే. నాకు అంత ధైర్యం లేదు. నాకు ఏదైనా కావాలనిపిస్తే అంకెల్ని నా వైపు లాక్కుంటాను, అందరూ అంతే. ఈ మనిషి మాత్రం తను కోరుకున్నదాని మీదే టేపును ఇంకాస్త జాగ్రత్తగా పెట్టింది. ఆ మధ్యాహ్నం నాకు ఆవిడ మీద కలిగింది ప్రేమ అంటే సరిపోదు, గౌరవం. ఆ మాట అక్కడే పైకి అన్నాను. ఆవిడ నవ్వి ముక్కు తుడుచుకుని, ముందు ఈ తేడా డబ్బు సంగతి చూడండి, అది ఖర్చయితే ఈ కాగితమంతా తలకిందులు అంది. అద్దెకున్నవాళ్ళు ఓడిపోయేది అక్కడేనట. వాయిదాకయితే బ్యాంకువాడు మెడ మీద కూర్చుని వసూలు చేస్తాడు, పొదుపుకు ఎవరూ కూర్చోరు. జీతం పడ్డ రోజునే ఇరవై ఆరు వేలు డిపాజిట్టులోకి దానంతటదే పోయేలా బ్యాంకులో రాసిచ్చి వచ్చాం.

ఓనరు గారి దగ్గరకు ఇద్దరం కలిసే వెళ్ళాం. ఆయన లక్ష లెక్కపెట్టి వెనక్కిచ్చాడు, ఇంకో లక్ష ఉంచుకున్నాడు, రాసుకున్నది రాసుకున్నట్టే. అమ్మకుండా మాకే అద్దెకుంచమని నేను బతిమాలబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆయన పక్క నుంచి చూస్తే, అరవై లక్షలు డిపాజిట్టు చేసుకుంటే ఏటా మూడు లక్షల అరవై వేలొస్తాయి, మనమిచ్చే అద్దె రెండు లక్షలు కూడా కాదు, ఇల్లు పెరిగేది అమ్మేదాకా చేతికి రాదు, అమ్ముకోవడమే ఆయనకు మంచిది అంది. ముసలాయన కళ్ళజోడు సర్దుకుని ఆవిడ వైపు తిరిగాడు. నీలాంటి మనిషి మా పోస్టాఫీసులో ఉంటే బావుండేదమ్మా అన్నాడు. రెట్టింపు బాబాయి మాత్రం నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు. అదీ లాభమే అనుకున్నాను.

ఎదురు వీధిలో అదే పదహారు వేలకు ఇల్లు దొరికింది. బాల్కనీ కాస్త చిన్నది, ఎండ సాయంత్రం పడుతుంది. ఓనరు ఒక కంటి డాక్టరమ్మ. అద్దె కాగితం రాసుకునే రోజు నేను బైట లిఫ్టు ఎందుకు శబ్దం చేస్తోందో చూస్తూ ఉండిపోయాను. లోపలికి వచ్చేసరికి మా ఆవిడ కాగితంలో ఒక వాక్యం చేర్చమని డాక్టరమ్మను అడుగుతోంది. డాక్టరమ్మ దానికేముందమ్మా, ఖాళీ చేసేటప్పుడు కన్నాలు పూడ్చండి చాలు అని తన పెన్నుతోనే రాసి సంతకం పెట్టింది. అద్దెదార్లు గోడలకు మేకులు కొట్టుకోవచ్చును.

పదకొండు ఇళ్ళు, తరవాత మా తొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. వద్దన్నారు, వద్దనే అనుకున్నాం. ఆ మేకు కొట్టుకోవడానికి అరవై లక్షలు పెట్టబోయాను నేను.

సామాను దించిన సాయంత్రం ఆవిడ బీరువా మీద నుంచి నాన్న ఫొటో తీసి కొంగుతో తుడిచింది. నా సంచీలోంచి సుత్తి తీసిచ్చాను. మేకు నేను కొడతానంటే ఒప్పుకోలేదు. మెళ్ళోంచి టేపు తీసి ఈ మూల నుంచి కొలిచింది, ఆ మూల నుంచి కొలిచింది, గోడ మీద సుద్దతో చుక్క పెట్టింది. పాప ఎందుకమ్మా అంత, సుమారుగా కొట్టెయ్ అంది.

ఆవిడ ఇంకోసారి కొలిచింది. తరవాత కొట్టింది.